విమానం దిగాక అలారం ఏ ఊరి సమయానికి మోగుతుంది?

*ప్రశ్న: నమస్కారమండీ. వచ్చే నెల సింగపూర్‌లో రాత్రి 1:30కి విమానం ఎక్కి, తెల్లవారుజామున 4:50కి దుబాయ్‌లో దిగుతాను. అక్కడ ఇంకో విమానం ఉదయం 8:15కి. మధ్యలో విమానాశ్రయంలోనే కాసేపు నిద్రపోవాలనుకుంటున్నాను. బయలుదేరే ముందే ఫోన్‌లో 6:30కి అలారం పెట్టేసుకుంటే అది దుబాయ్ 6:30కి మోగుతుందా, సింగపూర్ 6:30కి మోగుతుందా? తేడా లెక్కేసి పెట్టుకోమని మా అన్నయ్య అంటున్నాడు. ఏమీ అక్కర్లేదు, ఫోనే చూసుకుంటుందని మా వదిన అంటోంది. ఎవరి మాట వినాలి?*

నమస్తే. సూత్రంగా చూస్తే మీ వదినగారి మాటే సరైనది. ఫోన్ దుబాయ్ సమయానికి మారాక అలారం కూడా దుబాయ్ గడియారాన్నే అనుసరిస్తుంది. అయితే మీరు చెప్పిన ప్రయాణంలో, ఒక్కసారి మోగేలా పెట్టిన 6:30 అలారం దుబాయ్‌లో మోగదు. ఫోన్‌లో ఏ లోపమూ లేకపోయినా మోగదు. కారణం తెలిస్తే ఏ ప్రయాణంలోనైనా ఇబ్బంది ఎక్కడ వస్తుందో మీరే ముందుగా కనిపెట్టగలరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

క్లాక్ యాప్‌లో 6:30 అని పెట్టినప్పుడు అది గుర్తుంచుకునేది గంట, నిమిషం, ఏయే రోజులు మోగాలి అన్నవే. అది ఏ ఊరి 6:30 అన్నది దానికి పట్టదు. తెరమీది గడియారం 6:30 చూపిన క్షణాన మోగడం, అంతే దాని పని. ఫోన్ టైమ్‌జోన్ మారిందంటే ఆ సంగతి క్లాక్ యాప్‌కు అందుతుంది, అది తర్వాతి 6:30 ఎప్పుడు వస్తుందో మళ్లీ లెక్క కట్టుకుంటుంది. ఐఫోన్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లతో వచ్చే క్లాక్ యాప్‌లోనూ జరిగేది ఇదే. కాబట్టి అలారం ఏ ఊరి సమయానికి మోగుతుందని కాకుండా, ఆ క్షణంలో ఫోన్ ఏ ఊరి సమయంలో ఉంటుందని అడగాలి.

ఇప్పుడు మీ ప్రయాణాన్నే గంటగంటకీ చూద్దాం. సింగపూర్ గడియారం దుబాయ్ కంటే ఏడాది పొడవునా నాలుగు గంటలు ముందుంటుంది. రెండుచోట్లా వేసవిలో గడియారం జరిపే పద్ధతి లేదు కాబట్టి లెక్క మారదు. మీరు రాత్రి పదింటికి ఇంట్లో 6:30కి అలారం పెట్టి, 1:30కి విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ వేస్తారు. అప్పటినుంచి ఫోన్‌కు మొబైల్ నెట్‌వర్క్ ఉండదు. కొత్త చోటి సమయాన్ని అందించేవారు లేక చాలా ఫోన్లు సింగపూర్ సమయంలోనే నడుస్తూ ఉంటాయి. ఐదు గంటలు ఎగిరాక, ఇంకా ఆకాశంలో ఉండగానే తెరమీద 6:30 అవుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ అలారాన్ని ఆపదు కాబట్టి అది అక్కడే మోగుతుంది. మీరు నిద్రమత్తులో ఆపేస్తారు, లేదా కాసేపు మోగి తానే ఆగుతుంది. అప్పటికి దుబాయ్‌లో టైము 2:30 మాత్రమే.

ఒక్కసారి మోగేలా పెట్టిన అలారం మోగడం పూర్తవగానే తనంతట తానే ఆఫ్ అయిపోతుంది. మీరు 4:50కి దిగుతారు, ఫోన్ చక్కగా దుబాయ్ సమయానికి మారుతుంది, మీరు కుర్చీలో నిద్రపోతారు. 6:30 వస్తుంది, వెళ్తుంది. అలారం తన పని విమానంలోనే ముగించేసింది. పడమటి వైపు వెళ్లే రాత్రి విమానాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. దీన్ని ఫోన్ తప్పుగా లెక్కేసిందని అనుకుంటారు గానీ, ఫోన్ మీరు చెప్పిన మాటనే అక్షరాలా పాటించింది.

మీ అన్నయ్యగారి పద్ధతి ఇంతకంటే ప్రమాదం. దుబాయ్ 6:30 అంటే సింగపూర్ 10:30 కాబట్టి 10:30కి పెట్టుకోమని ఆయన ఉద్దేశం. ఫోన్ దిగాక కూడా సింగపూర్ సమయంలోనే ఉండిపోతే ఆ లెక్క సరిగ్గానే పనిచేస్తుంది. ఫోన్ మామూలుగా దుబాయ్ సమయానికి మారిపోతే మాత్రం ఆ అలారం దుబాయ్ 10:30కి మోగుతుంది. మీ రెండో విమానం వెళ్లిపోయి రెండు గంటలు దాటి ఉంటుంది. తేడాను మీరూ సర్దుతారు, ఫోనూ సర్దుతుంది, రెండూ కలిసి నాలుగు గంటలు అదనంగా జరుగుతాయి. సమయం తానే మార్చుకునే ఫోన్‌లో ఎప్పుడూ తేడా లెక్కేసి అలారం పెట్టకండి.

ఇక మిగిలింది, దిగాక ఫోన్ అసలు మారుతుందా అన్నది. చాలామంది ఇంటర్నెట్ వస్తే చాలు, సమయం దానంతటదే సరిపోతుందనుకుంటారు. అది సగమే నిజం. ఫోన్ లోపల నడిచే గడియారం ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం. ఇంటర్నెట్ సర్వర్ ఫోన్‌కు ఇచ్చేది అదే. మీరు ఎక్కడున్నారో, దానికి ఎన్ని గంటలు కలపాలో ఆ సర్వర్ చెప్పదు. ఆ సమాచారం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఫోన్ అక్కడి మొబైల్ నెట్‌వర్క్‌కు తగులుకున్నప్పుడు ఆ నెట్‌వర్క్ పంపే స్థానిక సమయం. రెండోది, ఫోన్ తన లొకేషన్ చూసుకుని నిర్ణయించుకోవడం.

అందుకే విమానాశ్రయంలో తరచూ ఒక చిత్రమైన పరిస్థితి కనిపిస్తుంది. రోమింగ్ ఖర్చుకు భయపడి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకుండా వైఫై మాత్రం కలుపుకుంటారు. మెసేజ్‌లు వస్తుంటాయి, వీడియోలు ఆడుతుంటాయి, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. గడియారం మాత్రం పాత ఊరి సమయమే చూపిస్తుంటుంది. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఐఫోన్ చుట్టూ ఉన్న వైఫైలను బట్టి చోటు పసిగట్టి మారిపోవచ్చు. లొకేషన్ ద్వారా టైమ్‌జోన్ ఎంచుకునే సదుపాయం లేని, లేదా అది ఆఫ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ మారదు. సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ అసలు లేకపోతే అక్కడి నెట్‌వర్క్ ఫోన్‌ను చేర్చుకోకపోవచ్చు, అప్పుడూ ఇదే తంతు. డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంచుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. డేటా ఆఫ్ చేసినా ఫోన్ నెట్‌వర్క్‌కు తగులుకుంటే చాలు, సమయం అందుతుంది. ఖర్చు గురించి జాగ్రత్త పడాలంటే డేటా రోమింగ్ ఆపి, ఎయిర్‌ప్లేన్ మోడ్ మాత్రం తీసేయండి.

బయలుదేరే ముందు ఈ సెట్టింగులు ఒకసారి చూసుకోండి. ఐఫోన్‌లో `Settings > General > Date & Time` లోకి వెళ్లి `Set Automatically` ఆన్‌లో ఉందో లేదో చూడాలి. దాంతోపాటు `Privacy & Security > Location Services > System Services` లో `Setting Time Zone` కూడా ఆన్‌లో ఉండాలి. ఈ రెండోదాన్ని బ్యాటరీ ఆదా కోసం ఎప్పుడో ఆపేసి మరిచిపోయినవాళ్లు ఉంటారు. ఆండ్రాయిడ్‌లో `Date & time` పేజీలో సమయానికి ఒక మీట, టైమ్‌జోన్‌కు ఇంకో మీట ఉంటాయి. తయారీదారును బట్టి పేర్లు కొద్దిగా మారతాయి. మీకు కావాల్సింది రెండోది, సాధారణంగా `Set time zone automatically` అని ఉంటుంది. మొదటిది ఆన్‌లో ఉండి ఇది ఆఫ్‌లో ఉంటే నిమిషాలు సెకన్లతో సహా సరిగ్గా ఉంటాయి, గంటలు మాత్రం పాత ఊరివే.

ఫోన్ మారిందో లేదో నిద్రమత్తులో కూడా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. క్లాక్ యాప్‌లోని ప్రపంచ గడియారాల పేజీలో దిగబోయే ఊరిని ముందే చేర్చి ఉంచండి. సింగపూర్‌లో ఉండగా దుబాయ్ పక్కన నాలుగు గంటల తేడా కనిపిస్తుంది. దిగాక ఆ పేజీ తెరిచి చూడండి. దుబాయ్‌కి, ఫోన్‌కి తేడా లేకపోతే ఫోన్ మారినట్టు. ఇంకా నాలుగు గంటలు చూపిస్తుంటే ఫోన్ పాత ఊళ్లోనే ఉన్నట్టు. విమానాశ్రయంలోని సమయాల బోర్డుతో పోల్చినా తెలుస్తుంది గానీ, అలసిపోయి ఉన్నప్పుడు 4:55, 8:55 మధ్య తేడా కళ్లు దాటిపోవడం తేలిక.

ఫోన్ మారకపోతే చేత్తో మార్చుకోవచ్చు. ఆటోమేటిక్ టైమ్‌జోన్ ఆపి, జాబితాలో దుబాయ్‌ని ఎంచుకోండి. ఇక్కడ కొందరు జోన్‌ను వదిలేసి గడియారం ముళ్లు తిప్పినట్టు గంటను నాలుగు వెనక్కి జరుపుతారు. దయచేసి అలా చేయకండి. అప్పుడు ఫోన్ తాను సింగపూర్‌లోనే ఉన్నాననుకుంటుంది, దానికి తెలిసిన యూటీసీ సమయం నాలుగు గంటలు తప్పిపోతుంది. అలారం సంగతి ఎలా ఉన్నా, ఫోన్ తేదీ సమయాలను సరిచూసే కొన్ని యాప్‌లూ వెబ్‌సైట్లూ తెరుచుకోనంటాయి. జోన్ మార్చండి, గంటను ముట్టుకోకండి.

ఇంత చెప్పాక మీ దుబాయ్ నిద్రకు నేను అలారం పెట్టమనను. టైమర్ పెట్టుకోండి. టైమర్‌కు ఊరుతో పనిలేదు, అది గడిచే నిమిషాలనే లెక్కపెడుతుంది. ఫోన్ సింగపూర్ సమయంలో ఉన్నా, దుబాయ్‌కి మారినా, మీరు నిద్రలో ఉండగా మధ్యలో మారినా 70 నిమిషాలంటే 70 నిమిషాలే. దిగి, రెండో విమానం గేటు దగ్గరికి చేరి, బోర్డు మీద సమయం చూడండి. 5:20 అయితే 6:30కి ఇంకా 70 నిమిషాలుంది, అదే పెట్టేయండి. విమానంలో నిద్రపోయేటప్పుడు కూడా ఇదే మంచిది. దిగడానికి గంట ముందు లేవాలనుకుంటే, సీటు ముందు తెరమీద ప్రయాణం ఇంకా ఎంతసేపో ఉంటుంది కదా, అందులోంచి గంట తీసేసి టైమర్ పెట్టుకుంటే రెండు ఊళ్ల సమయాలతో తలనొప్పి ఉండదు. పక్కవారికి ఇబ్బంది లేకుండా శబ్దం తగ్గించి, ఫోన్‌ను వైబ్రేషన్‌తో చొక్కా జేబులో పెట్టుకోండి.

టైమర్‌తోపాటు అలారం కూడా ఉంటే మరింత ధైర్యంగా ఉంటుందనుకుంటే, దాన్ని దిగాక, ప్రపంచ గడియారం చూసి ఫోన్ మారిందని తేల్చుకున్నాకే పెట్టండి. ఇంట్లోనే పెట్టి తీరాలంటే ఒక్కసారి మోగేలా కాకుండా ప్రతిరోజూ మోగేలా పెట్టండి. అది ఆకాశంలో ఒకసారి మోగినా ఆఫ్ కాదు, దుబాయ్ 6:30కి మళ్లీ మోగుతుంది. ఇంకో మార్గం, విమానం తలుపులు మూసేలోపే ఫోన్ జోన్‌ను చేత్తో దుబాయ్‌కి మార్చేయడం. తెరమీద 1:30 కాస్తా ముందురోజు రాత్రి 9:30 అవుతుంది. అక్కణ్ణుంచి 6:30 ఒక్కసారే వస్తుంది, అదీ దుబాయ్‌లోనే. చేత్తో మార్చినవారు ప్రయాణం ముగిశాక ఆటోమేటిక్‌ను తిరిగి ఆన్ చేయడం మరవకూడదు. రెండో విమానం దిగాక ఫోన్ ఇంకా దుబాయ్ సమయమే చూపిస్తే కారణం అదే.

ఒకమాట. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఫోన్ స్విచాఫ్ అయితే ఏదీ మోగదు. ఏడు గంటలు విమానంలో వాడాక బ్యాటరీ ఎంత ఉంటుందో మీకే తెలుసు. కళ్లు మూసేముందు ఛార్జింగ్‌కు పెట్టండి. ఆండ్రాయిడ్‌లో విమానంలో ప్రశాంతత కోసం డోంట్ డిస్టర్బ్ వేసి ఉంటే, అందులో అలారాలకు అనుమతి ఉందో లేదో కూడా చూడండి. పూర్తి నిశ్శబ్దం ఎంచుకుంటే అలారం శబ్దం కూడా రాదు.

తిరుగు ప్రయాణంలో కథ వేరేగా ఉంటుంది. దుబాయ్‌లో రాత్రి పదింటికి బయలుదేరి, ఏడు గంటల ఇరవై నిమిషాలు ఎగిరాక సింగపూర్‌లో దిగారనుకుందాం. ఫోన్ దుబాయ్ సమయంలోనే ఉంటే చక్రాలు నేలను తాకేసరికి తెరమీద ఉదయం 5:20. ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే అది ఒక్క గెంతులో 9:20 అవుతుంది. మీరు రోజూ 6:30కి మోగేలా పెట్టిన అలారం ఉంటే ఆ ఉదయం అది మోగే వేళే రాదు. 5:20 తర్వాత నేరుగా 9:20 వచ్చింది, మధ్యలోని నాలుగు గంటలు ఆ ఫోన్ గడియారంలో లేనే లేవు. తూర్పు వైపు ప్రయాణాల్లో అలారం ఇలా మౌనంగా జారిపోతుంది. నిద్రలేవడానికైతే పెద్ద నష్టం లేదు, మీరు మెలకువగానే ఉంటారు. మందుల అలారం అయితే మాత్రం పట్టించుకోవాలి. పన్నెండు గంటలకోసారి వేసుకోవాల్సిన మందు ఉంటే ప్రయాణం రోజున గడియారాన్ని కాక గంటల వ్యవధిని నమ్మండి. చివరి మాత్ర వేసుకున్న వెంటనే పన్నెండు గంటల టైమర్ పెట్టుకుంటే ఏ దిక్కుకు ఎగిరినా వ్యవధి తప్పదు. కొత్త ఊరి వేళలకు ఎలా మారాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి.

అలారంతో పాటు క్యాలెండర్‌ను కూడా నమ్ముకునేవారు ఒక సంగతి గమనించాలి, ఆ రెండూ ఎదురెదురు పద్ధతుల్లో నడుస్తాయి. సింగపూర్‌లో ఉండగా క్యాలెండర్‌లో “దుబాయ్‌లో ఉదయం 9 గంటలకు” అనుకుంటూ 9:00 అని రాస్తే, జోన్ విడిగా చెప్పకపోతే అది సింగపూర్ 9:00 అనే ఆ ఒక్క క్షణానికే కట్టుబడుతుంది. దుబాయ్‌లో దిగి చూస్తే అదే ఉదయం 5:00 అని కనిపిస్తుంది, గుర్తుచేసే గంట కూడా ఆ ప్రకారమే మోగుతుంది. నాలుగు ఊళ్లలో ఉన్న మనుషులు ఒకే సమావేశానికి చేరాలంటే ఇలాగే ఉండాలి కాబట్టి ఇది లోపం కాదు. మీ ప్రయాణపు పనులను రాసేటప్పుడు మాత్రం ఆ నమోదులో ఉండే `Time zone` అన్నచోట దిగబోయే ఊరిని ఎంచుకోండి.

ఫోన్ అంతా సరిగ్గా చేసినా దానికి తెలిసిన నియమాలే పాతవైతే ఏమవుతుందో 2023 మార్చిలో లెబనాన్‌లో చూశాం. ఆ నెల చివర గడియారాలు గంట ముందుకు జరపాల్సి ఉండగా, కొద్ది రోజుల ముందే ప్రభుత్వం దాన్ని ఏప్రిల్‌కు వాయిదా వేసింది. ఏ దేశంలో గడియారం ఎప్పుడు జరుగుతుందో ప్రతి ఫోన్‌లోనూ ఒక పట్టిక ఉంటుంది, ఆ నిర్ణయం అంత త్వరగా దానిలోకి చేరలేదు. చాలా ఫోన్లు పాత తేదీకే గంట ముందుకు జరిగాయి. కొన్ని సంస్థలూ ఒప్పుకోకపోవడంతో దేశంలో కొన్నాళ్లు రెండు సమయాలు నడిచాయి, చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. మీ రెండు ఊళ్లలో ఇటువంటిది లేదు. మార్చి, అక్టోబరు చివర్లలో గడియారం జరిపే దేశానికి వెళ్లేవారు మాత్రం ఫోన్‌ను అప్‌డేట్ చేసుకుని, దిగిన చోట గోడగడియారంతో సరిచూసుకోవాలి.

చివరగా, మీరు ఫోన్‌తో వచ్చిన క్లాక్ కాకుండా విడిగా వేసుకున్న అలారం యాప్ వాడుతుంటే దాన్ని ఇంట్లోనే పరీక్షించండి. ఆండ్రాయిడ్‌లో అలారం యాప్ సిస్టమ్‌కు ఫలానా క్షణంలో నన్ను లేపు అని చెప్పి పెట్టుకుంటుంది. జోన్ మారినప్పుడు ఆ క్షణాన్ని తిరిగి లెక్కించడం యాప్ రాసినవారి బాధ్యత. అది సరిగ్గా రాయని యాప్ పాత ఊరి 6:30నే పట్టుకుని కూర్చుంటుంది. పరీక్షకు పది నిమిషాలు చాలు. ఇప్పుడు సాయంత్రం 4:10 అనుకోండి. రాత్రి 8:15కి అలారం పెట్టండి. ఆటోమేటిక్ టైమ్‌జోన్ ఆపి, మీకంటే నాలుగు గంటలు ముందుండే ఊరిని చేత్తో ఎంచుకోండి, తెరమీద 8:11 లేదా 8:12 అవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో అలారం మోగితే యాప్ కొత్త సమయాన్ని పట్టుకున్నట్టే. తెరమీద 8:15 దాటినా మోగకపోతే ఆ యాప్‌ను ఈ ప్రయాణానికి వాడకండి. పరీక్ష అయ్యాక ఆటోమేటిక్‌ను మళ్లీ ఆన్ చేసి, ఆ మధ్యలో మోగాల్సిన మిగతా అలారాలు ఇంకా ఆన్‌లోనే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.